అద్దె అగ్రిమెంట్‌లో మెయింటెనెన్స్ క్లాజ్: ఓనర్ పని ఏది, టెనెంట్ పని ఏది విడగొట్టి రాసుకోవడం ఎలా

మీ రెంటల్ అగ్రిమెంట్ ఒకసారి తీసి మెయింటెనెన్స్ అన్న చోట ఏం రాసుందో చదవండి. హైదరాబాద్‌లో స్టాంప్ పేపర్ షాపు దగ్గర ప్రింట్ తీసిచ్చే ఫార్మాట్ అయితే దాదాపు ఇలాగే ఉంటుంది: "అద్దెకున్నవారు ఇంటిని మంచి స్థితిలో ఉంచుకోవాలి, మెయింటెనెన్స్ మరియు చిన్న చిన్న రిపేర్లు భరించాలి, పెద్ద రిపేర్లు పరస్పర అంగీకారంతో చేయించుకోవాలి, ఖాళీ చేసేటప్పుడు తీసుకున్న స్థితిలోనే తిరిగి అప్పగించాలి." ఒక్క వాక్యంలో నాలుగు గొడవలు ఉన్నాయి ఇక్కడ. చిన్న రిపేర్ అంటే ఎంతవరకు, మెయింటెనెన్స్ అంటే సొసైటీకి కట్టే డబ్బా లేక గీజర్ బాగుచేయించడమా, పరస్పర అంగీకారం కుదరకపోతే ఎవరు చేయించాలి, మూడేళ్ళు ఉన్నాక తీసుకున్న స్థితి అంటే ఏంటి, దేనికీ జవాబు లేదు.

దీన్ని ఎలా విడగొట్టి రాయాలో చెప్తా. లెక్క కోసం ఒక ఫ్లాట్ అనుకుందాం: కూకట్‌పల్లి వైపు మూడో అంతస్తు, రెండు బెడ్రూములు, అద్దె నెలకి 22,000, అడ్వాన్స్ 44,000, సొసైటీకి నెలకి 2,500, బాత్రూమ్‌లో ఓనర్ పెట్టించిన పాత గీజర్, వాడకానికి బోరు నీళ్ళు. ఇలాంటి ఫ్లాట్‌లో ఎక్కువగా తగాదా వచ్చేది రెండిటి దగ్గర, గీజర్ ఆగిపోవడం, బాత్రూమ్ నుంచి కింది ఫ్లాట్ సీలింగ్‌కి తడి దిగడం. క్లాజ్ రాశాక ఈ రెండిటి మీద పెట్టి చూద్దాం, నిలబడుతుందో లేదో అక్కడే తెలుస్తుంది.

ముందు చట్టం గురించి రెండు ముక్కలు, ఎందుకంటే చాలామంది "అగ్రిమెంట్‌లో లేకపోయినా చట్ట ప్రకారం ఓనరే చేయించాలి కదా" అనుకుంటారు. ట్రాన్స్‌ఫర్ ఆఫ్ ప్రాపర్టీ యాక్ట్, 1882లో సెక్షన్ 108 చూస్తే, ఓనర్ తను చేయించాల్సిన రిపేర్ నోటీస్ ఇచ్చినా తగిన టైంలో చేయించకపోతే టెనెంట్ తనే చేయించి ఆ ఖర్చు వడ్డీతో సహా అద్దెలో కోసుకోవచ్చు అని ఉంది. కానీ అక్కడున్న మాట "తను చేయించాల్సిన" రిపేర్. ఏది చేయించాలి అన్న లిస్ట్ ఆ సెక్షన్ ఇవ్వదు, అది ఎక్కువగా మీ అగ్రిమెంటే చెప్పాలి. అగ్రిమెంట్‌లో ఓనర్ మీద ఏమీ రాయకపోతే, కోసుకునే హక్కు పేపర్ మీద ఉన్నా దాన్ని వాడుకోవడం కష్టం. అదే సెక్షన్‌లో టెనెంట్ వైపు కూడా ఒకటుంది, ఇంటిని తీసుకున్నప్పుడు ఉన్నంత బాగా ఉంచాలి, కానీ మామూలు వాడకంతో వచ్చే అరుగుదల, ఆపలేని ప్రకృతి నష్టం దాంట్లోకి రావు. పై ఫార్మాట్‌లో "తీసుకున్న స్థితిలోనే" అని మొండిగా రాసినప్పుడు పోయేది ఈ మినహాయింపే. ఈ సెక్షన్‌లోవి ఇద్దరూ వేరేగా రాసుకోనంతవరకే వర్తిస్తాయి కాబట్టి, మీరు సంతకం పెట్టే ముక్కకే బలం ఎక్కువ.

ఇంకోటి, కేంద్రం 2021లో మోడల్ టెనెన్సీ యాక్ట్ అని ఒక నమూనా తెచ్చింది. రాష్ట్రం చట్టం చేసుకుంటేనే అది అమలవుతుంది, కాబట్టి దాన్ని చూపించి హక్కు అడగలేరు. కానీ దాని రెండో షెడ్యూల్‌లో ఎవరి పని ఏది అని రెండు లిస్టులు ఉన్నాయి, క్లాజ్ రాసేటప్పుడు మొదలుపెట్టడానికి చాలా పనికొస్తాయి. ఓనర్ వైపు: బిల్డింగ్ స్ట్రక్చర్ రిపేర్లు, గోడల సున్నం, తలుపులు కిటికీల పెయింట్, అవసరమైతే పైపులు మార్చడం, లోపలా బయటా వైరింగ్. టెనెంట్ వైపు: ట్యాప్‌లు, వాటి వాషర్లు, డ్రెయిన్ క్లీనింగ్, కమోడ్, వాష్‌బేసిన్, గీజర్ రిపేర్లు, స్విచ్‌లు, సాకెట్లు, తాళాలు, గడియలు, దోమల జాలీలు, కిటికీ అద్దాలు. గీజర్ రిపేర్ మొత్తాన్ని టెనెంట్ నెత్తిన పెట్టేయడం నాకు ఒప్పుకోబుద్ధి కాదు, పదేళ్ళ గీజర్ ట్యాంక్ తుప్పు పట్టి కారితే నిన్నగాక మొన్న చేరినవాడు ఎందుకు కట్టాలి. అందుకే ఆ లిస్ట్‌ని అలాగే కాపీ కొట్టకండి, మన ఇంటికి తగ్గట్టు మార్చుకోవాలి.

మొదటి పని: సొసైటీ డబ్బుని రిపేర్ల నుంచి వేరు చేయండి

మన దగ్గర మెయింటెనెన్స్ అంటే ముందు గుర్తొచ్చేది అపార్ట్‌మెంట్ వాళ్ళకి నెలనెలా కట్టేది. అగ్రిమెంట్‌లో కూడా అదే మాట రిపేర్లకీ వాడితే, "మెయింటెనెన్స్ మీదే అని రాసుంది కదా బాబూ, గీజర్ కూడా అందులోకే వస్తుంది" అని ఓనర్ అంకుల్ అనడానికి దారి దొరుకుతుంది, పాపం ఆయన కావాలని అనకపోవచ్చు, అక్కడ రాసుంది అలాగే చదువుకోవచ్చు మరి. కాబట్టి క్లాజ్ మొత్తంలో ఆ మాట ఒక్కదానికే వాడండి. నెలవారీ డబ్బుకి "సొసైటీ నెలవారీ చార్జీ" అనండి, మిగతాదానికి "రిపేర్" అనండి. మెయింటెనెన్స్ అన్న మాటే తీసేస్తే ఇంకా మంచిది.

నెలవారీ చార్జీలో కూడా ఒక గీత గీయాలి. వాచ్‌మన్ జీతం, లిఫ్ట్ కరెంట్, క్లీనింగ్, కామన్ మోటార్, ట్యాంకర్ నీళ్ళు, ఇవి వాడకం ఖర్చులు, ఉన్నవాళ్ళు కట్టాలి. కార్పస్ ఫండ్, బిల్డింగ్ మొత్తానికి పెయింటింగ్, కొత్త బోరు వేయడం, లిఫ్ట్ మార్చడం, టెర్రస్ వాటర్ ప్రూఫింగ్, వీటికి ఒకేసారి ఫ్లాట్‌కి ఇంత అని వసూలు చేస్తారు, ఇవి ఆస్తి విలువకి సంబంధించినవి, ఓనర్‌వి. ఎండాకాలంలో బోరు ఎండిపోయి సొసైటీ వాళ్ళు ట్యాంకర్లకి ఎక్స్‌ట్రా వసూలు చేస్తే అది టెనెంట్‌ది, అదే కొత్త బోరు వేయడానికి వసూలు చేస్తే ఓనర్‌ది, ఈ రెండూ ఒకే రసీదులో వచ్చేస్తాయి ఒక్కోసారి, అందుకే ముందే రాసుకోవాలి.

రెండో పని: చిన్న, పెద్ద అన్న మాటలు కొట్టేసి ఇల్లంతా తిరగండి

పెన్ను పేపర్ తీసుకుని మెయిన్ డోర్ నుంచి మొదలుపెట్టి ఒక్కో గదిలోకి వెళ్ళండి, వీలైతే ఓనర్‌తో కలిసే తిరగండి. పాడయ్యే ప్రతి వస్తువూ రాయండి: తాళం, స్విచ్ బోర్డులు, ఎంసీబీ, ఫ్యాన్లు, ట్యాప్‌లు, ఫ్లష్ ట్యాంక్, గీజర్, చిమ్నీ, సింక్ కింద పైపు, కిటికీ జాలీలు, కబోర్డ్ హ్యాండిళ్ళు. పక్కనే ఓనర్ పెట్టిందా మీరు తెచ్చుకుందా అన్నది, ఇప్పుడు పనిచేస్తోందా లేదా అన్నది. మీరు తెచ్చుకున్న ఏసీ, వాటర్ ప్యూరిఫయర్ లాంటివి మీ బాధ్యతే, వాటి గురించి క్లాజ్‌లో ఒక్క ముక్క చాలు. ఓనర్ వస్తువుల దగ్గరే అసలు పని.

చేరే రోజే ఫోన్‌లో వీడియో కూడా తీసి ఓనర్‌కి వాట్సాప్‌లో పంపేయండి. గోడలకి ఉన్న తడి మరకలు, పగిలిన టైల్, గీజర్ మీద కంపెనీ స్టిక్కర్, తయారైన సంవత్సరం కనిపించేలా తీయండి. ఆ స్టిక్కర్ ఫొటో తర్వాత బోలెడు మాటలు మిగులుస్తుంది.

మూడో పని: ఎందుకు పాడైంది అనేది ముందు, ఏ వస్తువు అనేది తర్వాత

ఎక్కువమంది ఇక్కడే దెబ్బతింటారు. లిస్ట్ రాసేసి "గీజర్ టెనెంట్, పైపులు ఓనర్" అని పెట్టేస్తే సరిపోదు, ఎందుకంటే అదే కమోడ్ మూడు కారణాలకి నిండుతుంది. లోపల గుడ్డ ముక్కో ప్యాడో ఇరుక్కుంటే అది వాడినవాళ్ళ వల్ల. పైప్ పాతబడి లోపల పేరుకుపోతే అది వయసు వల్ల. మీ బాత్రూమ్‌తో పాటు కింది ఫ్లాట్‌లో కూడా నీళ్ళు వెనక్కి తన్నుతున్నాయంటే అది అందరికీ కలిసిన లైన్‌లో అడ్డం, సొసైటీ చూడాలి. ప్లంబర్ వచ్చినప్పుడు లోపల్నుంచి ఏం తీశాడో, ఎంత దూరంలో తీశాడో బిల్లు మీదే రాయించుకోండి, రెండు ముక్కలు చాలు, "ట్రాప్‌లో గుడ్డ" లేదా "షాఫ్ట్ లైన్ బ్లాక్" అని.

కాబట్టి క్లాజ్‌లో మొదటి నియమం కారణం గురించి ఉండాలి. తప్పుగా వాడటం వల్ల పాడైతే ఎంత ఖర్చయినా టెనెంట్. బయట నుంచి, అంటే పై ఫ్లాట్, సొసైటీ లైన్, గోడ లోపలి పైపు, వైరింగ్, వర్షం వల్ల అయితే ఎంత చిన్నదైనా ఓనర్, ఆయన కావాలంటే సొసైటీ దగ్గర తేల్చుకుంటాడు, టెనెంట్‌కి సొసైటీలో మాట చెల్లదు కదా. ఈ రెండూ కానిది, అంటే వాడగా వాడగా పోయింది, దానికి మాత్రమే వస్తువుల లిస్ట్, డబ్బు లిమిట్ చూడాలి. ఈ వరస తప్పితే క్లాజ్ మళ్ళీ మొదటికే వస్తుంది.

నాలుగో పని: డబ్బు లిమిట్, దాని చుట్టూ ఉండే చిక్కులు

"1,500 లోపు రిపేర్ టెనెంట్, పైన ఓనర్" అని చాలామంది రాస్తారు, మంచిదే, కానీ సగమే రాశారు. బిల్లు 1,700 అయితే మొత్తం 1,700 ఓనర్ ఇస్తాడా, లేక పైనున్న 200 మాత్రమేనా? మొత్తం ఓనర్‌ది అని రాసుకుంటే 1,400 బిల్లుకి టెనెంట్ 1,400 కడతాడు, 1,600 బిల్లుకి సున్నా కడతాడు, అప్పుడు బిల్లు కొంచెం పెంచి రాయించుకోవాలని ఎవరికైనా అనిపిస్తుంది, ఓనర్‌కి కూడా ప్రతి బిల్లు మీద అనుమానమే. అందుకే నేను చెప్పేది, మొదటి 1,500 టెనెంట్, ఆపైన ఎంతయినా ఓనర్. ఇది లిస్ట్‌లో ఉన్న వస్తువులకి మాత్రమే, గోడ లోపలి పైపులకి కాదు.

ఇంకో చిక్కు, ఒకే వస్తువు మళ్ళీ మళ్ళీ పాడవడం. జూన్‌లో గీజర్‌కి 1,200, ఆగస్టులో మళ్ళీ 1,100. విడివిడిగా చూస్తే రెండూ లిమిట్ లోపే, మొత్తం 2,300 టెనెంట్ జేబులోంచే పోయింది, ఓనర్‌కి ఆ పాత గీజర్ మార్చాల్సిన తొందరే లేదు. దీనికి మందు ఏంటంటే, అదే వస్తువు 90 రోజుల్లో మళ్ళీ పాడైతే రెండిటినీ ఒకే రిపేర్‌గా లెక్క పెట్టాలి అని రాయడం. అప్పుడు 2,300లో టెనెంట్ 1,500, ఓనర్ 800. మూడోసారి కూడా పాడైతే మార్చే పని ఓనర్‌ది. ఏడాది మొత్తానికి కూడా ఒక గరిష్ఠం పెట్టుకోండి, ఈ ఫ్లాట్‌కి 6,000 అనుకుందాం. ఈ అంకెలు మీ అద్దెకి తగ్గట్టు మార్చుకోవచ్చు, కానీ ఖాళీగా మాత్రం వదలొద్దు.

ఐదో పని: ఎలా చెప్పాలి, ఎన్ని రోజుల్లో చేయాలి, చేయకపోతే ఏంటి

బాధ్యత రాసి టైం రాయకపోతే, "చేయిస్తా బాబూ, ప్లంబర్ ఊరెళ్ళాడు" అంటూ నెల గడిచిపోతుంది. నోటీస్ అంటే రిజిస్టర్డ్ పోస్ట్ అక్కర్లేదు, అగ్రిమెంట్‌లో ఇద్దరి ఫోన్ నంబర్లు రాసి ఆ నంబర్లకి ఫొటోతో పంపిన వాట్సాప్ మెసేజ్ చాలు అని ఒప్పుకుంటే చాలు. ఫోన్‌లో మాట్లాడినా తర్వాత "అంకుల్, ఇందాక చెప్పినట్టు బాత్రూమ్ గోడ తడి ఇంకా పెరిగింది, ఫొటో పెట్టాను" అని ఒక మెసేజ్ పడేయండి, తేదీ దానంతటదే నిలిచిపోతుంది.

టైం మాత్రం రెండు రకాలుగా పెట్టండి. షాక్ కొట్టడం, నీళ్ళు ఆగకుండా కారడం, ఇంట్లో ఉన్న ఒక్క టాయిలెట్ నిండిపోవడం, మెయిన్ డోర్ తాళం పడకపోవడం, వీటికి 24 గంటలు. మిగతావాటికి 7 రోజులు. గోడ పగలగొట్టి చేయాల్సిన వాటర్ ప్రూఫింగ్ లాంటిది 7 రోజుల్లో పూర్తి కాదు, దానికి 7 రోజుల్లో పని మొదలవ్వాలి అని రాయండి, లేదంటే ఓనర్ న్యాయంగా ప్రయత్నిస్తున్నా మాట తప్పినవాడు అయిపోతాడు.

టైం దాటితే టెనెంట్ చేయించుకుని బిల్లు పంపి తర్వాతి అద్దెలో కోసుకోవచ్చు. ఎంతవరకు అనేది పెట్టకపోతే ఓనర్లు ఒప్పుకోరు, అది సహజమే. నమూనా చట్టంలో కూడా ఒక నెలలో కోత ఆ నెల అద్దెలో సగం దాటకూడదు అని ఉంది, అదే తీసుకుందాం, మన ఫ్లాట్‌కి 11,000, మిగిలింది తర్వాతి నెలకి. అటువైపు కూడా ఉండాలి, టెనెంట్ చేయాల్సింది చేయకపోతే ఓనర్ చేయించి బిల్లు చూపించి అడ్వాన్స్‌లోంచి తీసుకోవచ్చు.

ఆరో పని: ఇప్పుడు రాయండి

ఒక వాక్యంలో ఒక్కరే ఉండాలి, ఓనరో టెనెంటో. "ఇద్దరూ కలిసి", "అవసరమైనప్పుడు", "తగిన విధంగా" ఇవి కనిపిస్తే కొట్టేయండి. "చేయించబడును" అని రాయకండి, ఎవరు చేయిస్తారో తెలియదు. మీ అగ్రిమెంట్ ఇంగ్లీష్‌లో ఉంటే ఇదే వరసలో అందులో రాయించుకోండి. మన ఫ్లాట్‌కి రాసిన క్లాజ్ ఇది:

1. సొసైటీ నెలవారీ చార్జీ, ట్యాంకర్ నీళ్ళ ఖర్చు టెనెంట్ కడతారు. కార్పస్ ఫండ్, కొత్త బోరు, లిఫ్ట్ మార్పు, బిల్డింగ్ పెయింటింగ్, టెర్రస్ పనుల కోసం సొసైటీ అడిగే డబ్బు ఓనర్ కడతారు.

2. టెనెంట్, వారి కుటుంబం, వారి అతిథులు తప్పుగా వాడటం వల్ల పాడైన దానికి మొత్తం ఖర్చు టెనెంట్ భరిస్తారు.

3. బిల్డింగ్ స్ట్రక్చర్, గోడలు, స్లాబ్, వాటర్ ప్రూఫింగ్, గోడ లేదా నేల లోపలి పైపులు, వైరింగ్, చెదలు, వేరే ఫ్లాట్ నుంచి లేదా సొసైటీ లైన్ నుంచి వచ్చిన నష్టం ఓనర్ తన ఖర్చుతో బాగుచేయిస్తారు. ఈ పనుల వల్ల పాడైన టైల్స్, పెయింట్ కూడా ఓనర్ వేయిస్తారు.

4. అనుబంధం అ లో ఉన్న వస్తువులు మామూలు వాడకంలో పాడైతే టెనెంట్ బాగుచేయిస్తారు. ఒక్కో రిపేర్‌లో మొదటి 1,500 టెనెంట్ భరిస్తారు, ఆపై మొత్తం ఓనర్ ఇస్తారు. ఒకే వస్తువు 90 రోజుల్లో మళ్ళీ పాడైతే అది ఒకే రిపేర్. ఈ పేరా కింద ఏడాదికి టెనెంట్ భరించేది 6,000 దాటదు.

5. గీజర్ ట్యాంక్ కారినా, అనుబంధం అ లోని ఏ వస్తువైనా 90 రోజుల్లో మూడోసారి పాడైనా ఓనర్ తన ఖర్చుతో మారుస్తారు.

6. టెనెంట్ లీకేజీ, తడి, షాక్ గమనించిన 2 రోజుల్లో ఓనర్‌కి వాట్సాప్‌లో ఫొటోతో తెలియజేస్తారు. ఆలస్యం వల్ల అదనంగా జరిగిన నష్టం టెనెంట్ భరిస్తారు. రిపేర్ కోసం ఓనర్ ఒక రోజు ముందు చెప్తే టెనెంట్ ఇంట్లోకి రానిస్తారు.

7. ఓనర్ తన రిపేర్‌ని అత్యవసరమైతే 24 గంటల్లో చేయిస్తారు, మిగతావి 7 రోజుల్లో చేయిస్తారు, వాటర్ ప్రూఫింగ్ అయితే 7 రోజుల్లో మొదలుపెడతారు. చేయకపోతే టెనెంట్ చేయించి బిల్లు పంపి అద్దెలో తగ్గించుకుంటారు, ఒక నెలలో 11,000 మించకుండా.

8. టెనెంట్ తన రిపేర్‌ని 7 రోజుల్లో చేయించకపోతే ఓనర్ చేయించి, బిల్లు చూపించి అడ్వాన్స్‌లో తగ్గించుకుంటారు.

అనుబంధం అ అంటే మీరు ఇల్లు తిరిగి రాసుకున్న లిస్ట్‌లోంచి తీసినవి: ట్యాప్‌లు, ఫ్లష్ ట్యాంక్ లోపలి భాగాలు, సింక్ పైపు, స్విచ్‌లు, సాకెట్లు, ఫ్యాన్ కెపాసిటర్లు, గీజర్ ఎలిమెంట్, థర్మోస్టాట్, గడియలు, జాలీలు. అక్కడ లేనిది ఏదైనా మామూలు వాడకంలో పాడైతే ఎవరిది అనేది కూడా ఒక లైన్ కావాలి, ఓనర్‌ది అని రాయడమే సబబు, వస్తువు ఆయనదే కాబట్టి.

ఏడో పని: క్లాజ్‌ని రెండు సంఘటనల మీద పెట్టి చూడండి

గీజర్ ఆగిపోయింది. మెకానిక్ విప్పితే ఎలిమెంట్ చుట్టూ తెల్లగా మందంగా సున్నంలా పట్టుంది. హైదరాబాద్ బోరు నీళ్ళకి ఇది మామూలే, నీళ్ళలో ఉండే ఖనిజాలు వేడికి ఎలిమెంట్ మీద పేరుకుని అది కాలిపోతుంది. ఇది టెనెంట్ తప్పు కాదు, కాబట్టి క్లాజ్‌లో పేరా 2 వర్తించదు, పేరా 4 కిందకి వస్తుంది, బిల్లు 1,200 అయితే టెనెంట్ కడతారు. ట్యాంక్ అడుగున తుప్పు పట్టి చుక్కలు పడుతుంటే 5 ప్రకారం ఓనర్ మారుస్తారు. ప్లగ్ కాలిపోయి వైర్ కరిగిపోయి ఉంటే ఆగి చూడాలి: 2,000 వాట్ల గీజర్ దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది, అది 16 ఆంపియర్ల సాకెట్‌లో ఉండాలి. టెనెంట్ దాన్ని తీసుకెళ్ళి 6 ఆంపియర్ల చిన్న సాకెట్‌లో అడాప్టర్ పెట్టి వాడితే 2, ఓనర్ మొదటి నుంచే అలా పెట్టించి ఉంటే వైరింగ్ కాబట్టి 3. చేరిన రోజు వీడియో ఇక్కడ పనికొస్తుంది.

ఇప్పుడు కష్టమైనది. కింది ఫ్లాట్ ఆంటీ వచ్చి "మా బాత్రూమ్ సీలింగ్ తడుస్తోందమ్మా, మీరు నీళ్ళు ఎక్కువ వాడుతున్నారు" అంటారు. ఓనర్‌కి ఫోన్ చేస్తే వాడేది మీరే కదా అంటాడు. వాడటం వేరు, తప్పుగా వాడటం వేరు, బాత్రూమ్‌లో స్నానం చేయడం తప్పుగా వాడటం కాదు. కారణం పట్టుకోవడానికి రెండు రోజులు ఆ బాత్రూమ్ వాడకుండా ఉంచండి, వాల్వ్ మాత్రం తెరిచే ఉంచండి. కింద తడి తగ్గుతూ వస్తే నీళ్ళు వాడినప్పుడే దిగుతున్నట్టు, అంటే టైల్స్ సందులు లేదా డ్రెయిన్ జాలీ చుట్టూ వాటర్ ప్రూఫింగ్ పోయింది, లేదా నేల లోపలి డ్రెయిన్ పైప్ కారుతోంది. తగ్గకపోతే బాత్రూమ్ వాల్వ్ కట్టేసి మళ్ళీ చూడండి, ఇప్పుడు తగ్గితే గోడ లోపలి పైప్ ప్రెషర్‌తో కారుతోంది. రెండిటికీ తగ్గకపోతే అసలు మీ బాత్రూమ్ నుంచి కాకపోవచ్చు, షాఫ్ట్ పైపులు చూడాలి. స్లాబ్‌లో నిలిచిన తడి ఆరడానికి టైం పడుతుంది కాబట్టి ఒక్క రోజులో తేల్చేయకండి. మొదటి రెండూ 3 కింద ఓనర్‌వి, మూడోది సొసైటీతో ఓనర్ తేల్చుకోవాలి, కింది ఫ్లాట్ సీలింగ్ పెయింట్ గొడవ కూడా ఆయన వైపే. టెనెంట్‌కి ఇక్కడున్న పని 6 మాత్రమే, చూసిన 2 రోజుల్లో చెప్పడం, ప్లంబర్‌ని రానివ్వడం. ఆంటీ చెప్పిన నెల తర్వాత ఓనర్‌కి చెప్తే మాత్రం ఆ నెలలో పెరిగిన నష్టం మీ మీదకే వస్తుంది, దాంట్లో అన్యాయం లేదు.

నేలలో పని జరిగిన రోజుల్లో బాత్రూమ్ ఒక్కటే ఉన్న ఇల్లు అయితే అద్దె తగ్గింపు కూడా ముందే మాట్లాడుకోండి, రెండు బాత్రూములు ఉంటే పట్టుబట్టకండి.

చివరి పని: మిగతా అగ్రిమెంట్‌లో ఇదే విషయం ఎక్కడెక్కడ ఉందో వెతకండి

క్లాజ్ బాగా రాసి పాత ముక్కలు అలాగే వదిలేస్తే అవి దీన్ని కొట్టేస్తాయి. ముఖ్యంగా మూడు చోట్ల చూడాలి: అడ్వాన్స్‌లో కోతల దగ్గర, ఖాళీ చేసేటప్పుడు అప్పగింత దగ్గర, పెయింటింగ్ దగ్గర. అప్పగింతలో "తీసుకున్న స్థితిలోనే" తర్వాత "మామూలు అరుగుదల, ఓనర్ బాధ్యతలో ఉన్న రిపేర్లు మినహాయించి" అని చేర్చండి, అరుగుదల అంటే ఎండకి వెలిసిన పెయింట్, క్యాలెండర్ మేకుల గుంటలు, బోరు నీళ్ళ మరకలు అని కూడా రాయండి. పెయింటింగ్‌కి ఖాళీ చేసేటప్పుడు ఒక నెల అద్దె కోసుకోవడం మన దగ్గర అలవాటుగా ఉంది, మీరు దానికి ఒప్పుకుంటే గోడల మరకలకి మళ్ళీ వేరే కోత ఉండదు అని పక్కనే రాయించుకోండి, లేకపోతే ఒకే గోడకి రెండుసార్లు కడతారు.

అగ్రిమెంట్ మధ్యలో ఉంటే కొత్తది చేయించనక్కర్లేదు, పాత అగ్రిమెంట్ తేదీ, ఫ్లాట్ నంబర్ రాసి "ఫలానా నంబర్ క్లాజ్ స్థానంలో ఇది ఉంటుంది, పాత క్లాజ్‌తో తేడా వస్తే ఇదే చెల్లుతుంది" అని సప్లిమెంటరీ అగ్రిమెంట్‌గా స్టాంప్ పేపర్ మీద రాసుకుని ఇద్దరూ, ఇద్దరు సాక్షులూ సంతకాలు పెట్టండి. పాత అగ్రిమెంట్ రిజిస్టర్ అయ్యుంటే మాత్రం ఈ మార్పు పేపర్ కూడా రిజిస్టర్ చేయించాలా అని సంతకాలకి ముందే లాయర్‌ని అడగండి. ఏడాదికి మించిన లీజ్ అయితే రిజిస్ట్రేషన్ తప్పదు, చాలామంది పదకొండు నెలలకి రాసుకునేది అందుకే, కానీ తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లో ఏడాది లోపు లీజ్‌కి కూడా రిజిస్ట్రేషన్ కావాలా అన్నది కూడా ఆ లాయర్‌నే అడగండి. అనుబంధం అ కింద కూడా ఇద్దరి సంతకాలు ఉండాలి, మొదటి పేజీ మీద మాత్రమే పెట్టి వదిలేయకండి. ఓనర్ వేరే ఊళ్ళోనో అమెరికాలోనో ఉండి ఇక్కడ ఇంకెవరో చూసుకుంటుంటే, 1,500 పైన పనులకి సరే అనే అధికారం ఆ మనిషికి ఉందని పేరు, ఫోన్ నంబర్‌తో అదే పేపర్‌లో రాయించుకోండి, లేదంటే 24 గంటల్లో చేయాల్సిన పనికి అవతల రాత్రా పగలా చూసుకుంటూ కూర్చోవాల్సి వస్తుంది.